జీడిపప్పు మిషను కంపెనీలో 25 లక్షలు పెట్టాలా, పది చోట్ల పంచాలా?

శ్రీకాకుళం_ఎముకలు
శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుని, వయసు 48. ఇంటి లోను తీరిపోయింది. పిల్లల చదువులకు విడిగా దాచాను. అవన్నీ పోను 40 లక్షలు ఉన్నాయి. ఇది మొత్తం పోయినా ఇల్లు గడుస్తుంది.

నా పేషెంటు ఒకాయన కొడుకు పుణేలో ఐదేళ్లు పనిచేసి వెనక్కి వచ్చి కాశీబుగ్గలో కంపెనీ పెట్టాడు. కెమెరాతో జీడిపప్పును చూసి గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేసే మిషను. గుండ్లను మళ్లీ 180, 240, 320 అని సైజు ప్రకారం విడదీస్తుంది. ఒక్కోటి 12 లక్షలకు మూడు అమ్మాడు. 25 లక్షలు పెడితే రెండున్నర శాతం వాటా ఇస్తానంటున్నాడు. వెళ్లి చూశాను, మిషను బాగానే పనిచేస్తోంది. కుర్రాడు నిజాయితీపరుడు.

హైదరాబాదులో ఉన్న నా క్లాస్‌మేటు మాత్రం "ఒక్క చోట పెట్టొద్దు, రెండేసి లక్షల చొప్పున పదిహేను కంపెనీల్లో పెట్టు, చాలావరకు పోతాయని ముందే అనుకో" అంటున్నాడు. ముఖం తెలియని పదిహేను మంది కంటే కళ్లతో చూసిన ఒక్కడు మేలు కాదా?

భోగాపురం_ప్లాట్లు
40 లక్షలకు ఎయిర్‌పోర్టు దగ్గర స్థలం చూసుకోండి. అది మునిగిపోదు.

శ్రీకాకుళం_ఎముకలు
స్థలం ఇప్పటికే ఉందండి. ప్రశ్న దాని గురించి కాదు.

ఏడురోడ్ల_కుర్రోడు
మీ క్లాస్‌మేటు చెప్పిందే కరెక్టు డాక్టరు గారూ. ఇది సిప్ లాంటిది, క్రౌడ్‌ఫండింగ్ యాప్‌లలో పెట్టినా సరే, ఎంత ఎక్కువ చోట్ల పంచితే అంత సేఫ్. పదింటిలో తొమ్మిది పోయినా ఒకటి పది రెట్లు ఇస్తే మన డబ్బు మనకు వచ్చేస్తుంది. ఆ పైన వచ్చేదంతా లాభమే.

నాగావళి_టీచర్
క్రౌడ్‌ఫండింగ్ అంటే ఆపరేషన్లకు చందాలు వేసేది కదా? మా వీధిలో ఒక పాపకు అలాగే నాలుగు లక్షలు పోగయ్యాయి. అందులో వాటాలు ఎలా ఇస్తారు?

టెక్కలి_టు_డల్లాస్
టీచరు గారూ, అది చందా, తిరిగి రాదు. ఇక్కడ మాట్లాడుతున్నది కంపెనీలో వాటా గురించి. నేను ఇండియాలో ఉన్నప్పుడు ఒక యాప్‌లో ఐదేసి వేలు చొప్పున ఆరు కంపెనీల్లో పెట్టాను. రెండేళ్ల తర్వాత కాగితం శ్రద్ధగా చదివితే తెలిసింది, నా దగ్గర ఉన్నది అసలు షేరే కాదు. కంపెనీ ఎప్పుడైనా అమ్ముడైతే దాని విలువ ప్రకారం ఇంత ఇస్తాం అనే ఒప్పందం. కంపెనీ రిజిస్టరులో నా పేరు లేదు, ఓటు లేదు. ఇలాంటి ఆన్‌లైన్ వేదికలకు చట్టం గుర్తింపు లేదని సెబీ 2016 ఆగస్టులోనే హెచ్చరించింది. నేను ఆ తర్వాతే పెట్టాను, చదవకుండా.

తోటపాలెం
డాక్టరు గారూ, మీ ప్రశ్నకు ముందు కుర్రోడు తమ్ముడి లెక్క గురించి చెప్పాలి. నేనూ సరిగ్గా ఆ లెక్కతోనే దిగాను.

బెంగళూరులో ఇరవై ఏళ్లు చిప్ డిజైన్‌లో పనిచేసి విజయనగరం వచ్చేశాను. 2017 నుంచి 2019 లోపు 14 కంపెనీల్లో రెండున్నర లక్షల చొప్పున పెట్టాను. మొత్తం 35 లక్షలు. ఆ తర్వాత వాటిలోనే రెండింటికి ఇంకో 5 లక్షలు ఇచ్చాను. అంటే 40, మీ అంకే.

ఎనిమిది మూతపడ్డాయి. మూడు నడుస్తున్నాయి, కానీ నా షేర్లు కొనేవాడు లేడు. ఒకటి రెండున్నరకు మూడు లక్షలు ఇచ్చింది, ఇంకొకటి ఐదు ఇచ్చింది. మిగిలిన ఒక్కటీ పెద్ద కంపెనీకి 120 కోట్లకు అమ్ముడుపోయింది. అందరూ ఫోన్ చేసి అభినందించారు.

ఆ ఒక్కదాని లెక్క చూడండి. నేను పెట్టినప్పుడు కంపెనీ విలువ 5 కోట్లు, నా వాటా అర శాతం. తర్వాత మూడుసార్లు కొత్తవాళ్ల దగ్గర డబ్బు తెచ్చారు. ప్రతిసారీ కొత్త షేర్లు పుడతాయి, పాతవాళ్ల వాటా ఐదో వంతు తగ్గింది. అర శాతం కాస్తా 0.256 శాతం అయింది. 120 కోట్లలో నాకొచ్చింది 30 లక్షల 70 వేలు. పన్నెండు రెట్లు!

ఇప్పుడు అన్నీ కలపండి. 3, 5, 30.7 కలిపితే 38.7 లక్షలు. పెట్టింది 40. పన్నెండు రెట్ల గెలుపు దొరికాక కూడా అసలు రాలేదు. ఆ 40 లక్షలు సగటున ఏడేళ్లు బ్యాంకులో వేసి, వడ్డీ మీద పన్ను కట్టుకున్నా దాదాపు 55 లక్షలు అయ్యేది.

కాబట్టి తమ్ముడూ, పది రెట్లు చాలదు. నా విషయంలో బ్యాంకుతో సమానం కావాలన్నా ఆ ఒక్క కంపెనీ 19 రెట్లు ఇవ్వాలి. ఎంతమందికి పంచామన్నది సగమే. పంచిన ప్రతి ఒక్కటీ ఇరవై రెట్లు కాగల స్థితిలో ఉందా అన్నది మిగతా సగం.

ఏడురోడ్ల_కుర్రోడు
ఏడేళ్ల వడ్డీ నేను లెక్కలో వేయలేదండీ. కానీ 14 తక్కువేమో, 50 పెడితే ఇంకో పెద్ద గెలుపు దొరికేది కదా?

తోటపాలెం
దొరకొచ్చు. ఎక్కువ పెడితే పెద్దది తగిలే అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ 50 కంపెనీలను చూసి ఎంచుకోవడానికి నాకు టైము లేదు. చూడకుండా పెడితే సగానికి సగం ఎవరూ పెట్టనివే మన దగ్గరకు వస్తాయి.

శ్రీకాకుళం_ఎముకలు
తోటపాలెం గారూ, ఆ అదనపు 5 లక్షలు ఎక్కడ పెట్టారు? గెలిచినదాంట్లోనా?

తోటపాలెం
కాదండి. పోయినవాటిలోనే రెండింటికి ఇచ్చాను. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఒకటి ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. మొదటి ఏడాది నెలనెలా మెయిల్ వచ్చేది. కస్టమర్లు ఇంతమంది, బ్యాంకులో ఇంత ఉంది, ఇన్ని నెలలకు సరిపోతుంది అని. తర్వాత మెయిల్‌లో బ్యాంకు బ్యాలెన్స్ లైను మాయమైంది. తర్వాత మూడు నెలలకోసారి అయింది. ఒకరోజు ఫోన్, "పెద్ద ఫండు వస్తోంది, మధ్యలో ఆరు నెలలకు మీలాంటివాళ్లు కాస్త సర్దితే చాలు" అని. రెండున్నర ఇచ్చాను. ఆ పెద్ద ఫండు రాలేదు. అబద్ధం చెప్పాడని అనను, వాడూ నమ్మాడు.

అప్పటి నుంచి ఒకటి చూసుకుంటాను. రెండోసారి డబ్బు అడిగినప్పుడు బయటి కొత్త మనిషి ఒకడు తన సొంత డబ్బుతో ధర కట్టి వస్తున్నాడా? వస్తే నేనూ వేస్తాను. పాతవాళ్లనే అడుగుతుంటే ఆగుతాను. గెలిచిన కంపెనీ రెండోసారి అడిగినప్పుడు నా చేతిలో డబ్బు లేదు, ఆ 5 లక్షలు అప్పటికే పోయాయి. 40 ఉంటే మొదట 20 మాత్రమే పంచండి. మిగతా సగం బాగా నడుస్తున్నవాటికి రెండోసారి ఇవ్వడానికి ఉంచండి.

కాశీబుగ్గ_గుండు
మాది పలాసలో జీడి ఫ్యాక్టరీ. మిషను ఎవరిదో చూచాయగా తెలుసు, పేరెత్తను. కుర్రాడు మంచోడే. మా వ్యాపారం ఎలా ఉంటుందో డాక్టరు గారికి తెలియాలని చెబుతున్నాను.

ఎండాకాలంలో పిక్కలు కొంటాం. మా డబ్బంతా అక్కడే ఇరుక్కుపోతుంది, మన పంట చాలక ఆఫ్రికా పిక్కలు కూడా తెప్పిస్తాం. అందుకని మిషను కొంటే డబ్బు ఒకేసారి ఇవ్వం. సగం ఇప్పుడు, మిగతాది పప్పు అమ్ముడయ్యాక. ధర పడిపోతే ఇంకా ఆలస్యం. మూడు అమ్మాడంటే మూడిటి డబ్బు చేతికి వచ్చిందా అని అడగండి. ఇంకోటి, చైనా సార్టింగ్ మిషన్లు ఇప్పటికే వస్తున్నాయి. ఈ అబ్బాయి మిషను ఎందుకు కొంటారంటే, పాడైతే గంటలో మనిషి వస్తాడు. అదే అతని బలం. కానీ ఆ బలం కాశీబుగ్గ చుట్టూనే, కేరళలోని కొల్లంలో పాడైతే గంటలో ఎవరు వెళ్తారు?

రాజాం_కొట్టు
గుండు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా ధాన్యం వ్యాపారంలోనూ అంతే, అమ్మకం వేరు వసూలు వేరు.

తోటపాలెం
గుండు గారి మాటతో డాక్టరు గారి ప్రశ్నకు జవాబు సగం వచ్చేసింది.

25 లక్షలకు రెండున్నర శాతం అంటే కంపెనీకి 10 కోట్ల విలువ కట్టారు. మీ ఒక్కరి డబ్బు ఇరవై రెట్లు, అంటే 5 కోట్లు కావాలనుకోండి. దారిలో మూడుసార్లు వాటా తగ్గితే రెండున్నర శాతం 1.28 అవుతుంది. 1.28 శాతానికి 5 కోట్లు రావాలంటే కంపెనీ 390 కోట్లకు అమ్ముడుపోవాలి.

ఇప్పుడు మిషన్లు లెక్కపెట్టండి. చుట్టుపక్కల 200 ఫ్యాక్టరీలు తలా ఒకటి కొన్నాయనుకున్నా మొత్తం అమ్మకం 24 కోట్లు. అదీ ఒక్కసారే, ఎందుకంటే మంచి మిషను పదేళ్లు నడుస్తుంది. 390 కోట్ల కంపెనీ కావాలంటే కొల్లం, మంగుళూరు, గోవా, ఆ తర్వాత వియత్నాం, ఐవరీ కోస్ట్ వెళ్లాలి. లేదా అదే కెమెరాతో మిరప, పసుపు, వేరుశనగ చేయాలి. అది చేయగలడా, చేయాలని ఉందా? మిషను బాగుందా అన్నదానికంటే ఈ ప్రశ్న ముఖ్యం.

ఇది చెడ్డ వ్యాపారం అనడం లేదు. ఏడాదికి కోటి రూపాయలు మిగిల్చే చక్కటి వర్క్‌షాపు కావచ్చు, కుర్రాడి కుటుంబం హాయిగా బతుకుతుంది. కానీ చిన్న ప్రైవేటు కంపెనీలో రెండున్నర శాతం వాటాదారుకు అందులో ఏం వస్తుంది? డివిడెండు ఇవ్వాలా వద్దా అన్నది కుర్రాడి ఇష్టం. మీ షేరు బయట కొనేవాడు ఉండడు. పోవడానికి ఉన్న రిస్కు స్టార్టప్‌ది, రావడానికి ఉన్న లాభం వర్క్‌షాపుది.

శ్రీకాకుళం_ఎముకలు
ఈ కోణంలో ఆలోచించనే లేదు. మిషను పనిచేస్తుందా, మనిషి మంచివాడా, ఈ రెండే చూశాను. అయితే వాటా బదులు అప్పుగా ఇస్తే? 12 శాతం వడ్డీకి ఇస్తే అతనికీ పని జరుగుతుంది.

లెడ్జర్_విజయనగరం
నేను చార్టర్డ్ అకౌంటెంటుని. అలా ఇవ్వకండి డాక్టరు గారూ. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ డైరెక్టరూ వాటాదారూ కాని మనిషి దగ్గర మామూలు అప్పు తీసుకుంటే చట్టం దాన్ని డిపాజిట్ కింద చూస్తుంది. ఇబ్బంది కుర్రాడికి. కంపెనీకి కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉంటే కన్వర్టిబుల్ నోటు అని ఒకటుంది. ఒకే మనిషి ఒకే దఫాలో కనీసం 25 లక్షలు ఇవ్వాలి. ముందు అప్పులా ఉండి, తర్వాత షేర్లుగా మారుతుంది, లేదా తిరిగి చెల్లిస్తారు. మీ అంకెకు సరిపోతుంది. అయితే కంపెనీ చేతిలో డబ్బే లేకపోతే నోటు ఉన్నా లాభం లేదు, అది గుర్తుంచుకోండి.

రాజాం_కొట్టు
కాగితాల సంగతి వచ్చింది కాబట్టి నాది చెబుతాను. 2019లో తెలిసినవాళ్ల అబ్బాయి డెలివరీ యాప్ పెడితే 8 లక్షలు ఇచ్చాను. "అంకుల్, కంపెనీ అకౌంటు ఇంకా తెరవలేదు, నాకు వేయండి" అంటే అతని సొంత అకౌంటుకు వేశాను. షేర్ సర్టిఫికెట్ అడిగినప్పుడల్లా ఆడిటరు దగ్గర ఉందనేవాడు. రెండేళ్లకు యాప్ ఆగిపోయింది. అప్పుడు కంపెనీ లెక్కలు తీయిస్తే నా పేరే లేదు. నేనిచ్చింది అతనికి చేబదులు కింద తేలింది. వాళ్ల నాన్నకీ నాకూ ఇప్పుడు మాటల్లేవు. 8 లక్షల కంటే అదే ఎక్కువ బాధ.

లెడ్జర్_విజయనగరం
ఇలాంటివి ఏడాదికి రెండు మూడు నా దగ్గరకు వస్తాయి. ఆపడం కష్టం కాదు. ఎవరైనా షేర్లకు డబ్బు అడిగితే ముందు మీ పేరు మీద PAS-4 అనే ఆఫర్ లెటరు ఇవ్వాలి. మీ బ్యాంకు నుంచి కంపెనీ పేరున్న ప్రత్యేక అకౌంటుకే వెళ్లాలి, నగదు కుదరదు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, ఆ తర్వాత 15 రోజుల్లో ఆ కేటాయింపు వివరాలతో PAS-3 అనే ఫారం దాఖలు చేయాలి. అది దాఖలయ్యే వరకు ఆ డబ్బు వాడకూడదు. PAS-3తో పాటు ఎవరికి ఎన్ని షేర్లు అన్న జాబితా ఉంటుంది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. అందులో మీ పేరు కనిపించేదాకా వాటాదారు అయ్యానని అనుకోవద్దు.

60 రోజుల్లో కేటాయించకపోతే తర్వాతి 15 రోజుల్లో డబ్బు వెనక్కి ఇవ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీతో. అడగ్గానే డబ్బు చేతికి రాదు, కానీ అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. రాజాం గారి కేసులో డబ్బు కంపెనీకే వెళ్లలేదు కాబట్టి ఇవేవీ వర్తించలేదు.

టెక్కలి_టు_డల్లాస్
పోయిన కంపెనీల నష్టం పన్నులో చూపించుకోవచ్చు కదా? డాక్టరు గారి క్లినిక్ ఆదాయంలో తగ్గించుకుంటే 30 శాతం వెనక్కి వచ్చినట్టే.

లెడ్జర్_విజయనగరం
లేదు. ఇది మూలధన నష్టం, ప్రాక్టీసు ఆదాయంలో సర్దరు. రెండేళ్లు దాటి ఉంచిన అన్‌లిస్టెడ్ షేరు నష్టాన్ని దీర్ఘకాల మూలధన లాభంతోనే సర్దాలి, రిటర్న్ గడువులోపు వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఇంకో చిక్కుంది. కంపెనీ తాళం వేసినంత మాత్రాన నష్టం వచ్చినట్టు కాదు, షేరు చేతులు మారాలి లేదా లిక్విడేషన్‌లో పోవాలి.

తోటపాలెం
నా ఎనిమిదింటిలో రెండింటి షేర్లు కంపెనీ పెట్టినవాళ్లే నామమాత్రం ధరకు తిరిగి కొన్నారు, ఆ నష్టం చూపించాను. మిగతా ఆరు కంపెనీలను ప్రభుత్వ రిజిస్టరు నుంచి కొట్టేశారు. నా ఆడిటరు అదీ నష్టమే అని వేశారు.

లెడ్జర్_విజయనగరం
నేనైతే వేయనండి. రిజిస్టరు నుంచి కొట్టేయడం బదిలీ అవుతుందా అన్నదాని మీద వాదన ఉంది. నోటీసు వస్తే మీ ఆడిటరు గారు నిలబడాలి.

తోటపాలెం
ఇంతవరకు రాలేదు. మీ మాట ఆయనకు చెబుతాను.

నాగావళి_టీచర్
మొదటి నుంచి చదువుతున్నాను. నాదొక సందేహం. పదింటిలో ఎనిమిది పోతాయని ముందే తెలిసి డబ్బిస్తే, ఆ పిల్లల్ని నమ్మి ఇస్తున్నట్టా, నమ్మక ఇస్తున్నట్టా?

తోటపాలెం
నమ్మే ఇస్తాను టీచరు గారూ. 14 మందిలో ఒక్కరు కూడా పోవాలని చూసినవాడు లేడు. ఒక కంపెనీకి పెద్ద కస్టమరు ఆగిపోయాడు, ఒక చోట ఇద్దరు స్నేహితులు విడిపోయారు, రెండు కోవిడ్‌లో పోయాయి. ఎవరికి ఏం జరుగుతుందో ముందు తెలియదు కాబట్టే ఒక్కరి దగ్గర అంతా పెట్టను. అందులో ముగ్గురితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను, ఒకడి పెళ్లికి కూడా వెళ్లాను.

కాశీబుగ్గ_గుండు
డాక్టరు గారికి ఒక మాట. వాటా, నోటు ఇవన్నీ నాకు తెలియవు. మీరే రెండు మిషన్లు కొని మా ఫ్యాక్టరీలకు అద్దెకివ్వండి. కుర్రాడికి 24 లక్షల అమ్మకం, డబ్బు వెంటనే చేతికి. మాకు పెట్టుబడి ఇరుక్కోదు. మీకు నెలనెలా అద్దె, పైగా మిషను మీదే.

ఏడురోడ్ల_కుర్రోడు
ఇది సూపర్ ఐడియా.

తోటపాలెం
ఆలోచన బాగుంది. కానీ అది ఇంకో వ్యాపారం. అద్దె వసూలు ఎవరు చేస్తారు, మిషను పాడైన నెల అద్దె ఎవరిది, కంపెనీ మూసేస్తే రిపేరు ఎవరు చేస్తారు? ఆపరేషన్ థియేటరు నుంచి వచ్చి ఈ ఫోన్లు మాట్లాడాలి.

శ్రీకాకుళం_ఎముకలు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం కాశీబుగ్గ వెళ్లి కుర్రాడితో మూడు గంటలు కూర్చున్నాను. గుండు గారు చెప్పినట్టే అడిగాను. మూడు మిషన్లకు 36 లక్షలు రావాలి, చేతికి వచ్చింది 21. దాచలేదు, పుస్తకం తీసి చూపించాడు. ఇప్పుడున్న డబ్బు నాలుగు నెలలకు సరిపోతుందట. వేరే పంటలకు వెళ్తావా అంటే, మిరప గురించి గుంటూరులో ఒకరితో మాట్లాడానన్నాడు, కానీ ఇల్లు వదిలి వెళ్లడం ఇష్టం లేదని వాడే చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది, లెక్కకు మాత్రం అడ్డొచ్చింది.

25 ఇవ్వనని చెప్పాను. 3 లక్షలకు షేర్లు తీసుకుంటాను, PAS-4 పంపించమన్నాను. ముందు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత సరే అన్నాడు. డీపీఐఐటీ గుర్తింపుకు ఇంకా దరఖాస్తు చేయలేదట, లెడ్జర్ గారి దగ్గరకు పంపిస్తాను. క్లాస్‌మేటు చూపించినవాటిలో రెండు చదువుతున్నాను, తొందర లేదు.

అద్దె మిషను మాట మాత్రం మనసులో తిరుగుతోంది. గుండు గారూ, పీలింగు అయ్యాక సార్టింగ్‌కు ఇప్పుడు కూలీకి నెలకు ఎంత అవుతుంది మీ ఫ్యాక్టరీలో?

కాశీబుగ్గ_గుండు
సీజనులో ఒకలా, అన్‌సీజనులో ఒకలా ఉంటుంది. ఆదివారం రండి, పద్దు పుస్తకం చూపిస్తాను.